పిల్లల పేరా

"ఆ పేరా తీసేద్దాం," అన్నాడు లిఫ్టు మెకానిక్.

"ఏ పేరా?" అంది అతను చేసుకోబోయే అమ్మాయి. ఆస్పత్రి ల్యాబులో పొద్దుటినుంచీ రక్తం నమూనాలు చూసి చూసి ఆమె కళ్లు లాగేస్తున్నాయి. ఏ పేరానో తెలిసే అడిగింది.

"పిల్లల పేరా."

ఆమె నిట్టూర్చి కాగితాలు తనవైపు లాక్కుంది. అతని గదిలో ఉన్నది ఒకటే బల్ల. దానిమీద టీ గ్లాసులు, స్క్రూడ్రైవర్లు, వాటి మధ్య అతను అమ్మానాన్నలకు రాస్తున్న ఉత్తరం. ఫోనులో క్రైస్తవుల పిల్ల అన్న మాట వినపడితే చాలు, వాళ్ల నాన్న టక్కున పెట్టేస్తున్నాడు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చెయ్యలేడు కదా అని ఇద్దరూ రోజూ పని దిగి వచ్చి దీనిమీద కూర్చుంటున్నారు. ప్రేమించుకోవడానికి పడ్డ కష్టం దీని ముందు ఏపాటిది!

"మొదట్నుంచీ చదువుతా, విను," అంటూ ఆమె మొదలుపెట్టింది.

"'నేను మతం మారడం లేదు. మారమని తనూ అడగలేదు, చర్చీ అడగలేదు. జ్ఞానస్నానం లేనివాణ్ణి చేసుకోవడానికి తనకి బిషప్ గారి అనుమతి కావాలి. ఫాదర్ అర్జీ పంపారు. పెళ్లి చర్చిలోనే, కానీ వాళ్లు ఆదివారాలు చేసే దివ్యబలి పూజ లేకుండా, ప్రమాణాలూ ప్రార్థనలూ మాత్రమే. మన పటాలు హాల్లో ఉంటాయి. దీపం నేనే పెడతాను, తనచేత పెట్టించను. ప్రసాదం తినమని బలవంతం చెయ్యను. తన సిలువ, జపమాల ఇంకో గోడకి. ఆదివారం తనతో చర్చికి వెళ్లినా, అక్కడ అప్పంగా పెట్టే దివ్యసత్ప్రసాదం నాకు ఇవ్వరు, నేను అడగను. ఇంట్లో గొడ్డుమాంసం వండం. మీకు చెయ్యాల్సిన కర్మలన్నీ నేనే చేస్తాను.' ఇంతవరకూ బాగానే ఉందిగా?"

"బ్రహ్మాండంగా ఉంది. అక్కడితో ఆపెయ్."

ఆమె ఆపలేదు. "'పుట్టబోయే పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించి తన విశ్వాసంలో పెంచడానికి చేతనైనంతా చేస్తానని తను ఫాదర్ ముందు మాటిచ్చి సంతకం పెట్టింది. నన్ను సంతకం అడగలేదు. తను ఏం మాటిచ్చిందో మాత్రం నాకు చెప్పారు. అన్నీ తెలిసే చేసుకుంటున్నాను.'"

"ఇది చదివితే మా అమ్మ అన్నం మానేస్తుంది," అన్నాడు అతను. "తర్వాత చెబుదాం. మనవణ్ణి ఒళ్లో పెడితే అన్నీ అవే సర్దుకుంటాయి."

"చంటివాణ్ణి అడ్డం పెట్టుకుని చెబుదామంటావు."

"మాట తిప్పకు."

"మిగతావన్నీ మనిద్దరి గొడవ. వాళ్లకి నిజంగా తగిలేది ఇదొక్కటే. ఇదే దాచేస్తే ఇంక ఉత్తరం ఎందుకు?"

"అసలు నువ్వు మాటివ్వకుండా ఉండాల్సింది."

"ఇవ్వకపోతే అనుమతి రాదు. అయినా ఎవరో ఇమ్మంటే ఇవ్వలేదు, నాకు ఇవ్వాలనే ఉంది. అప్పుడు నువ్వు పక్కనే కూర్చున్నావు. అర్థమైందా బాబూ అని ఫాదర్ అడిగితే గంగిరెద్దులా తలూపావు."

"నైట్ డ్యూటీ చేసొచ్చాను. ఏమడిగినా ఊపేవాణ్ణి."

ఆమెకు నవ్వు రాలేదు. పోట్లాడే ఓపిక కూడా లేదు. చెప్పులు వేసుకుంటూ అంది, "మీ అమ్మానాన్నల దగ్గర దాచి చేసుకునే పెళ్లి నాకొద్దు. నీ ఇష్టం."

"సరే తల్లీ, ఉంచుతాను."

ఆమె వెళ్లాక అతను ఉత్తరం శుభ్రంగా తిరగరాశాడు. పిల్లల పేరా దగ్గరికొచ్చేసరికి అది వదిలేసి సంతకం పెట్టాడు. చెడ్డవాడేం కాదు. అలిసిపోయాడు, అంతే. మర్నాడు పోస్టు చేసి, "అంతా రాశాను" అని ఆమెకు ఫోను చేశాడు. ఆమె "థాంక్స్" అంది. ఆ గొంతు విన్నాక అతనికి రెండు రోజులు తిండి సహించలేదు.

వారం తిరిగాక, లిఫ్టు గుంతలో గ్రీజు చేతులతో ఉండగా వాళ్ల నాన్న ఫోను చేశాడు. ఆయన టైలరు. వెనకాల కుట్టుమిషను చప్పుడు లేదు. పని మానుకుని మరీ చేశాడన్నమాట.

"ఉత్తరం చదివాంరా. దీపం నువ్వే పెడతావా? ఇక్కడున్నన్నాళ్లూ అగ్గిపెట్టె ఎక్కడుంటుందో నీకు తెలీదు."

"నేర్చుకుంటాను నాన్నా."

"మీ అమ్మ రెండు రోజులు ఏడ్చింది. నాకూ ఏ పనీ సాగలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరే, ఒప్పుకున్నాం."

మెకానిక్ పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కసారి దిగిపోయినట్టయింది. "అమ్మ కూడానా?"

ఫోను అమ్మ చేతికి వెళ్లింది. "బంగారంలాంటి పిల్లరా. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే రాసింది."

"ఎవరు రాసింది?"

"ఇంకెవరు? నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆ పిల్ల ఉత్తరం వచ్చింది. 'అత్తయ్యగారూ, పిల్లల సంగతి మీ అబ్బాయి రాశాడు. అది చదివి మీరు ఎంత నొచ్చుకుని ఉంటారో నాకు తెలుసు. కోపం ఉంటే నన్ను తిట్టండి, దాచకుండా చెప్పినందుకు అతన్ని తిట్టకండి' అని. నీ ఉత్తరం మళ్లీ తీసి, ముందూ వెనకా తిప్పి చూశాం. ఏదిరా ఆ సంగతి?"

"మీరు బాధపడతారని, అమ్మా..."

"పడ్డాం. ఇంకా పడతాం. అది మా ఏడుపు, మేం ఏడుస్తాం."

"మరి ఒప్పుకున్నామన్నారుగా?"

"ఆ పిల్లని ఒప్పుకున్నాం," అంది అమ్మ, నీరసంగా. "అందుకే, నిన్ను చేసుకోవద్దని నిన్ననే తనకి ఉత్తరం రాశాం."