సకుటుంబ సపరివార సంతకం

"అనూరాధ నా మాట తీసీదురా. నానొక్క కేకేస్తే జర్మనీ దేశం గడియ తీసి, కాళ్ళకి నీళ్ళిస్తాది" అని గరివిడి ఫ్యాక్టరీ క్యాంటీన్లో ప్రకటించిన తిరుమలరావు, ఆదివారం పొద్దున్నే విజయనగరంలో ఆ అనూరాధ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఎవరు కావాలండీ?" అంది అనూరాధ.

జర్మనీ సంగతి తర్వాత, ఆ ఇంటి గ్రిల్లు గడియ తియ్యడానికే ఆయన నాలుగు తరాల చుట్టరికం ఏకరువు పెట్టాల్సి వచ్చింది. అనూరాధ నాయనమ్మకి పినతల్లి కూతురి మనవరాలు కుసుమకుమారి. ఆ కుసుమకుమారి మొగుడు ఈయన.

"ఓహో, తిరుమలరావు మీరేనా. అయితే నాకు బావవుతారు. కూర్చోండి" అంది. ఆమె లైప్‌జిగ్‌లో నర్సు. సెలవు మీద వచ్చి మూడు రోజులైంది.

తిరుమలరావు కూర్చోలేదు. వీసా రాకముందే ఆయనకి క్యాంటీన్లో వీడ్కోలు సభ జరిగిపోయింది. పడ్డ దండల బరువుకి రెండు రోజులు మెడ తిరగలేదు. ఇప్పుడు ప్రయాణం తప్పితే ఆ మెడ ఎక్కడ దాచుకోవాలో ఆయనకి తెలీదు.

సంచిలోంచి కార్డు తీశాడు. నాలుగు మూలలా పసుపు. మధ్యలో, 'మా లైప్‌జిగ్ స్వగృహమునకు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, చందన తాంబూలాదులు స్వీకరించి...' అని బంగారు రంగు అచ్చు.

"ఇన్విటేషన్ లెటరమ్మా. ప్రెస్సోడి సేత నానే కొట్టించీసేను. నువ్వు సంతకం పెట్టీ, సాలు."

అనూరాధ నవ్వు మింగి, కార్డు పక్కన పెట్టింది.

"పెళ్ళి పిలుపు వేరు, ఇది వేరు బావా. మీ ఖర్చులకి పూచీ నాదని నేను అక్కడ విదేశీయుల ఆఫీసుకెళ్ళి, ఆఫీసరు ఎదురుగా సంతకం పెట్టాలి. జీతం చీటీలు, అద్దె అగ్రిమెంటు, నా పాస్‌పోర్టు అన్నీ చూపించాలి. మిమ్మల్ని పోషించే తాహతు నాకుందని వాళ్ళకి నమ్మకం కుదిరితే ఒక కాయితం ఇస్తారు. దాని ఒరిజినలు మీరు వీసాకి పెట్టాలి."

"పెట్టీ మరి. సంతకానికి ఏటి బరువమ్మా? రిజిస్ట్రాఫీసులో నాను సాక్షి సంతకాలు వందల్లో పెట్టీసేను."

"చదివే పెట్టేరా?"

"సదువుకుంటా కూకుంటే సాక్షిగా నన్నెవడు పిలుస్తాడు?"

అనూరాధ గొంతు పెంచలేదు. "తిండీ పడకా సరే బావా. మీరు ఆసుపత్రిలో పడితే, ఇన్సూరెన్సు ఇవ్వనిదంతా నేను కట్టుకోవాలి. గడువైపోయినా మీరు తిరిగి రాకపోతే, పట్టుకుని పంపించే ఖర్చూ నాదే. ఐదేళ్ళ దాకా ప్రభుత్వం నా జీతం మీదికి రావచ్చు."

"నానెందుకుండిపోతాను? అక్కడ ఎండుసేప దొరుకుతాదేటి?"

"మీ మీద అనుమానం కాదు. సొంత తమ్ముడికైనా నేను ఆలోచించే పెడతాను. మిమ్మల్ని చూసి పావుగంటైంది. ఏమనుకోకండి, ఇది నావల్ల కాదు." కాస్త ఆగి, మెత్తగా అంది. "మీ బ్యాంకు కాయితాలు, ఫ్యాక్టరీ సెలవు ఉత్తరం, ప్రయాణ ఇన్సూరెన్సు, రానూపోనూ టికెట్టు బుకింగు, హోటలు బుకింగు పెట్టి మీరే సొంతంగా టూరిస్టు వీసా అడగండి. అప్పుడు నా పూచీ అక్కర్లేదు. వచ్చేక ఓ పూట మా ఇంట్లో భోంచేద్దురు గాని."

"సొంత డబ్బులెట్టుకుని ఎల్లడానికి ఇంక సుట్టాలెందుకమ్మా?" తిరుమలరావు మూతి విరిచాడు. "ఒక్క సంతకం పెట్టనేనోళ్ళు జర్మనీలో ఏటి ఎలగబెడతన్నారో. మా క్యాంటీన్లో అట్లేసే దాలమ్మ నయం, వేలిముద్రైనా ఏస్తాది."

"కోపం వద్దు బావా. ఒక్కటి అడుగుతాను, చెప్పండి." అనూరాధ ఫోను ఆయన వైపు తిప్పింది. "నిన్న వీసా వాళ్ళ దగ్గర్నుంచి మెయిలొచ్చింది. తిరుమలరావు అనే ఆయన పోయిన వారం పెట్టిన దరఖాస్తులో నేను పిలిచినట్టు ఉత్తరముందట. ఈ సంతకం మీదేనా అంటున్నారు. ఆ తిరుమలరావెవరో ఇందాకటి దాకా నాకూ తెలీదు. ఇప్పుడు వాళ్ళకి నేనేం రాయను?"

తిరుమలరావు ఫోను కేసి చూశాడు. అప్పుడు కూర్చున్నాడు.

"అదీ... ఇప్పుడు నువ్వు నిజంగా పెట్టీస్తే, అది కూడా నిజమైపోద్దనుకున్నానమ్మా."

"అంటే నా సంతకం మీరే పెట్టేసేరా?"

"సీ, నానలాటి పని సేస్తానా?" ఆయన తలొంచుకుని పసుపు కార్డు సంచిలోకి తోశాడు. "ఆడోళ్ళ దస్తూరీలాగుండాలని మీ అప్ప కుసుమకుమారి సేత పెట్టించేను."