పార్వతి కాలు

"పార్వతి సగానికి కాస్త కాటుక, ఓ గజ్జె చాలు. జనం వచ్చేది నా తాండవం చూడ్డానికే!" అన్నాడు నాట్యాచార్యుడు, అద్దంలో తన అర్ధనారీశ్వర వేషం చూసుకుంటూ. కుడివైపు జటలు, నెలవంక, విభూతి, పులితోలు. ఎడమవైపు వాలుజడ, పట్టుచీర. నుదుటి నడుమ సగం మూడో కన్ను, సగం బొట్టు.

తాళాలు పట్టుకుని కూర్చున్న భార్య అంది: "ఆ ఎడమకాలు కాస్త గట్టిగా నిలపండి."

"పార్వతి సిగ్గుపడుతూ మోకాలు వంచాలే! సమానత్వం మీద నిన్ననే గంటసేపు ఉపన్యాసమిచ్చొచ్చా. నాకే చెప్తావా?"

శివుడి కాలు చెవిదాకా లేచింది. సిగ్గుపడుతున్న మోకాలు మడతపడింది. ఆదిదంపతులిద్దరూ కలిసే దబ్బున కింద పడ్డారు.

"నేల తడిగా ఉన్నట్టుంది," అన్నాడు నడుం పట్టుకుని.

"పొడిగానే ఉందండీ. ఆయన కాలెత్తితే బరువు మోసేది ఆవిడ కాలే. ఆవిడ ఎత్తినప్పుడు ఆయన మోయాలి. ఒకే ఒళ్లు కదా!"

ఆయన కాసేపు ఎడమ మోకాలు నిమురుకున్నాడు.

"సర్లే, తాళం వెయ్యి."

తాళం పలకలేదు. ఆయన తలెత్తి చూశాడు. భార్య, పెళ్లయ్యాక తను పెట్టెలో పెట్టేసిన గజ్జెలు కట్టుకుంటోంది.

"ఇన్నేళ్లూ నేను మోశాగా," అంటూ తాళాలు ఆయన చేతిలో పెట్టింది. "ఇక మీరు వెయ్యండి."