మొదట వినవలసినవారు

"పంపేయనా డాడీ?" అని హెప్సీ ఫోనులో అడిగింది.

"వద్దమ్మా" అన్న జవాబు ఎదుటి సీటు నుంచి వచ్చింది.

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో రైలెక్కినప్పటి నుంచి ఉన్ని టోపీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న ఆ పెద్దావిడ తెలుగువారని హెప్సీ ఊహించలేదు.

"చెవిన పడింది, ఊరుకోలేకపోయాను. నిశ్చితార్థం సంగతి ఫ్యామిలీ గ్రూపులోనూ ఇన్‌స్టాలోనూ ఒకేసారా?"

"అలాగైతే ఎవరినీ తక్కువ చేసినట్టుండదని, ఆంటీ."

"ఇంట్లో పెద్ద ఎవరు?"

"ఎలియాస్ పెదనాన్న. మా అక్క నిశ్చితార్థం స్టేటస్‌లో చూసి తెలుసుకోవాల్సి వచ్చిందని పెళ్ళికే రాలేదు. నా పెళ్ళిలో ఉంగరాల ప్రార్థన ఆయనే చెయ్యాలని నా ఆశ."

"ఆయన గ్రూపు చూస్తారా?"

"కోడళ్ళు చూసి చెప్తారు."

"అదీ సంగతి. తమ్ముడింటి శుభవార్త కోడళ్ళు చెప్తే తెలియడమేమిటని ఆయన బాధ. ముందు మీ నాన్నగారే ఫోన్ చెయ్యాలి. గ్రూపు మెసేజ్ కూడా పిల్లల నుంచి కాదు, తల్లిదండ్రుల నుంచి వెళ్ళాలి, రెండు వైపులా ఒకే వేళకు. ఇన్‌స్టా, స్టేటస్ రేపు. ఉంగరం ఫొటో ఎవరికైనా పంపావా?"

"ఫ్రెండ్స్‌కి. ఇద్దరికే."

"అప్పటిదాకా ట్యాగ్ చెయ్యొద్దని చెప్పు."

"అంతా విన్నాను" అని ఫోనులో తండ్రి నవ్వాడు. "అన్నయ్యకు ఇప్పుడే చేస్తా."

"ఏం రాశావో చదువు" అంది ఆవిడ.

"వుయ్ ఆర్ ఎంగేజ్డ్..."

"స్నేహితులకు బాగానే ఉంది. గ్రూపులో మాత్రం, 'దేవుని కృపవలన మా కుమార్తె హెప్సీకి...' అబ్బాయి ఎవరబ్బాయి?"

"కాకినాడ శాంతిరాజు, లిండా గార్ల అబ్బాయి, జోనాథన్."

ఆవిడ కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"'...శాంతిరాజు, లిండా దంపతుల కుమారుడు జోనాథన్‌తో వివాహం నిశ్చయమైంది. ఫోనులో మేము స్వయంగా చెప్పలేకపోయిన పెద్దలు మన్నించి దీవించగలరు.' తేదీ వెయ్యకు, అది పెద్దలు కూర్చుని పెట్టేది."

"అబ్బాయి వైపు పెద్ద మేనత్తగారున్నారు ఆంటీ, మేరీగారు. నన్నింకా చూడలేదు. ఆవిడకు నేనే చెప్పాలని లిండా అత్తయ్య మాట. ఇంకొకరి నోట వింటే చాలా మనసు కష్టపెట్టుకుంటారట. ఇప్పుడే చేసేస్తా."

"ఇప్పుడొద్దు." ఆవిడ చెయ్యి గబుక్కున తన సంచిలోకి పోయింది. "రైల్లో సిగ్నల్ తెగుతుంది. సగం విన్న పెద్దవాళ్ళు మిగతా సగం తామే అల్లుకుంటారు. కాసెల్‌లో బండి ఆగాక చెయ్యి."

కాసెల్‌లో ఆవిడే దిగిపోయింది. పేరైనా అడగలేదని హెప్సీకి అప్పుడు తోచింది.

అంతలో తండ్రి మెసేజ్ వచ్చింది: "అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రార్థన తనే చేస్తాడట."

హెప్సీ నవ్వుకుంటూ మేరీగారి నంబరు నొక్కి, వందనాలు చెప్పి, వార్త చెప్పింది.

"ఎంత చల్లని మాట చెప్పావు తల్లీ! ఇప్పుడే, నీ నోటే వింటున్నాను" అంది అవతలి గొంతు.

కదులుతున్న బండి కిటికీ బయట, ప్లాట్‌ఫారం మీద, ఫోను చెవికి ఆనించుకుని ఉన్ని టోపీ పెద్దావిడ చెయ్యి ఊపుతోంది.