బొమ్మ లేని మెసేజ్

“నిన్ను మిషన్‌తో సహా ఎత్తుకుపోతా.”

రోజూ షాపుకి పార్సిళ్లు తెచ్చే కొరియర్ అతని మెసేజ్ చూసి టైలరమ్మ కాలు పెడల్ మీదే ఆగిపోయింది.

“వదినా, రోజూ చివర్లో కన్నుగీటే బొమ్మ పెట్టేవాడు. ఇవాళ ఉత్త మాటే పంపాడు.”

కాజాలు కుడుతున్న వదిన తలెత్తింది. “అన్నిటికీ నువ్వు నవ్వు మొహాలు పంపావుగా! నీకు ఇష్టం లేదని అతనికెలా తెలుస్తుందే?”

“నవ్వకపోతే కోపం తెచ్చుకుంటాడేమోనని...”

ఫోన్ మళ్లీ మోగింది. పగలబడి నవ్వే మొహాలు మూడు, వాటి కింద ఒక స్టిక్కర్.

“హమ్మయ్య, జోకేనట!”

“ఏదీ, చూడనీ.” వదిన ఫోన్ లాక్కుంది. తెల్లటి అంచుతో కత్తిరించిన బొమ్మ, చుట్టూ గుండెలు. మిషన్ మీదికి వంగి ఉన్న ఆడమనిషి. “ఇది నువ్వే! నీ పాత ఫొటో ఏదో దొరికుంటుంది. ఫొటో మీద వేలు నొక్కిపెడితే చాలు, ఫోనే మనిషిని కత్తిరించి స్టిక్కర్ చేసేస్తుంది.”

టైలరమ్మ మిషన్ మీది గుడ్డ వైపు చూసింది. “పాతది కాదు వదినా. ఇందులో నా చేతిలో ఈ పసుపు గౌనే ఉంది. ఇందాకేగా మొదలుపెట్టాను!”

వదిన ఒక్క అంగలో వెళ్లి షాపు అద్దాల తలుపుకి గడియ వేసి, తెర లాగేసింది.

టైలరమ్మ ఫోన్ తీసుకుని టైప్ చేసింది. “నాకు ఇష్టం లేదు. ఇంకెప్పుడూ రాయకు.” అలవాటుగా పక్కన వచ్చిన నవ్వు మొహాన్ని చెరిపేసి పంపింది.

తెర అవతల, తలుపుకి ఆనుకునే, ఒక ఫోన్ టింగుమంది.