ముప్పై ఆరు పక్కన స్టార్

మిరప కళ్లంలో నాన్నకు తోడుగా కాపలా ఉన్న మల్లేశ్వరి, కాలేజీ గ్రూపులో వచ్చిన ఎంసెట్ మోడల్ టెస్టు ఎక్సెల్ షీటులో తన ర్యాంకు చూసి నమ్మలేకపోయింది. మార్కులన్నీ ఫోన్లోనే మళ్లీ కూడింది.

ఒక వరుస దగ్గర ఆగింది. లెక్కలు 80కి 71, ఫిజిక్స్ 40కి 34, కెమిస్ట్రీ 40కి 36. కలిపితే 141. షీటులో మాత్రం 105 ఉంది.

36 పక్కన స్టార్ గుర్తుంది. రీకౌంటింగ్‌లో మార్కు పెరిగిందని షీటు తయారుచేసిన సార్ పెట్టిన గుర్తది. దానివల్ల షీటు ఆ 36ను అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంది. మొత్తం కూడే ఫార్ములా దాన్ని చప్పుడు చేయకుండా వదిలేసింది.

వెంటనే సార్‌కి ఫోన్ చేసింది.

"ర్యాంకుల ఫ్లెక్సీ అచ్చుకెళ్లిపోయిందమ్మా. ఈసారికి వదిలెయ్."

"వదలను సార్. తప్పు ర్యాంకు రోడ్డు మీద కడితే నేనే చింపేస్తా."

"ఏంటా మాటలు?" సార్ ఫోన్ పెట్టేశారు.

మల్లేశ్వరి స్టార్ చెరిపింది. 105 కాస్తా 141 అయింది. ర్యాంకులు వాటంతటవే మారాయి. ఆ షీటును అందరూ చూసేలా గ్రూపులో పెట్టి కింద రాసింది:

"141 మార్కులతో ఫస్ట్ ర్యాంకు జాస్మిన్‌ది. తనకి ఫోన్ లేదు కాబట్టి నేను అడుగుతున్నా. ఫ్లెక్సీ మీద నా ఫొటో తీసి తన ఫొటో వేయండి."