గాడిదా అన్న మాట

మనసులు నొచ్చుకోకుండా ఫోన్లే మాటలను నునుపు చేసి అవతలికి చేరవేసే రోజులవి. పెళ్లికూతురు వకుళ తన పిన్ని కూతురు హైమ నుంచి వచ్చిన మెసేజ్‌ని మళ్లీ చదివింది. "తెర పట్టడానికి దయచేసి మరొకరిని చూసుకోగలరు."

జీలకర్రబెల్లం వేళ వధూవరుల మధ్య తెర పట్టేది హైమేనని చిన్ననాటి ఒప్పందం. ఇప్పుడీ పరాయి మర్యాద ఏమిటి? నీళ్లలో నడుస్తున్నట్టుగా ఉంది వకుళకు. ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి, దానిమీదే వేలితో "నేనంత కానిదాన్నయ్యానా?" అని రాసి పంపింది. బొమ్మల మీది రాతను ఫోన్ ముట్టుకోదు.

బదులుగా హైమ నుంచి రెండు స్క్రీన్‌షాట్లు వచ్చాయి. మొదటిది హైమకు చేరిన వకుళ మెసేజ్: "మీకు వీలైతేనే రాగలరు."

వకుళ రాసింది అది కాదు. "రాకపోయావో, చంపేస్తా గాడిదా!" అని.

రెండోది హైమ అసలు జవాబు: "నేను కాక నీకు తెర పట్టేదెవరే, మొద్దూ? చూసుకో, దొరికితే!"

తమ ప్రేమంతా తిట్లలోనే ఉండేదని, వాటిని ఏరేస్తే మిగిలింది మర్యాదేనని వకుళకు కలలో తెలిసినట్టు తెలిసింది.

ముహూర్తం వేళ తెర అంచు పట్టుకున్న హైమ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"కాటుక కారుతోంది, తుడుచుకోవే గాడిదా."

ఆ మాట ఉన్నదున్నట్టుగా చేరింది. వకుళ కాటుకను కారనిచ్చింది.