ఎవరి వంతు

మేస్త్రీ ఉమాపతి కొట్టిన దెబ్బకు హమాలీ గణేష్ పెదవి చిట్లింది. మదనపల్లె టమాటా మార్కెట్లో హమాలీలంతా క్రేట్లు దించడం ఆపి చూస్తున్నారు.

"ఇద్దరు దించాల్సిన లోడు మణికంఠ ఒక్కడే దించుతాండాడు. నువ్వు ఫోన్ సూసుకుంటా కూర్చుంటావా?" ఉమాపతి గణేష్ కాలరు పట్టి లారీకేసి గుద్దాడు. ఇంకోసారి గుద్దాడు.

అప్పుడే మేస్త్రీ జేబులో ఫోన్‌కు మెసేజ్ వచ్చిన చప్పుడైంది.

"మండీ ఓనరు మెసేజ్ అయ్యుంటాది. తీసి గట్టిగా చదువు," అన్నాడు కాలరు వదలకుండానే.

గణేష్ మేస్త్రీ జేబులోంచి ఫోన్ తీశాడు. "అన్నా, ఇది యమున వదిన పంపింది..."

"చదవరా అంటే!" చెంప పగిలింది.

గణేష్ నోట్లోని రక్తం మింగి చదివాడు. "ఈ వారమంతా ఫ్యాక్టరీలో ఓవర్‌టైం చేసి బాగా అలిసిపోయినా. కోపంతో చెప్పడంలా. వంట నేనే చేస్తా. రాత్రి గిన్నెలు తోమడం, పొద్దున పాపను స్కూలుకు రెడీ చేయడం నువ్వు చూసుకుంటావా? అవి కుదరకపోతే నీకు ఏ పని వీలవుతుందో చెప్పు. సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం."

హమాలీల్లో ఎవరూ నవ్వలేదు.

ఉమాపతి మళ్లీ పిడికిలి ఎత్తాడు. అది గాల్లోనే ఆగిపోయింది. కాసేపటికి కాలరు వదిలేశాడు.

"పో. పోయి నీ వంతు దించు," అన్నాడు నేల చూస్తూ.

గణేష్ పెదవి తుడుచుకుని, ఫోన్ అతని చేతిలో పెట్టాడు.

"దించుతాలే. మరి నీ వంతో అన్నా?"